మూలాలు చెదిరిపోయే బహుపది: లోపం ఎక్కడుంది?

ఇంటర్ రెండో సంవత్సరంలో సమీకరణ వాదం చదివినవాళ్లకు ఒక ధీమా మిగిలిపోతుంది. మూలాలు తెలిస్తే గుణకాలు రాసేయొచ్చు. గుణకాలు తెలిస్తే మూలాలు కూడా తేలిపోయినట్టే. డిగ్రీ చదువులో దీనికి ఇంకో సిద్ధాంతం తోడవుతుంది: గుణకాలు అవిచ్ఛిన్నంగా మారితే మూలాలూ అవిచ్ఛిన్నంగానే మారతాయి. రెండూ నిజమే. అయితే గుణకం ఎంత కదిలితే మూలం ఎంత కదులుతుందో ఈ రెండింటిలో ఏదీ చెప్పదు. చేత్తో చేసే లెక్కల్లో దాని అవసరం పెద్దగా పడలేదు. ప్రతి సంఖ్యనూ కొన్ని అంకెల దగ్గర కత్తిరించి దాచుకునే కంప్యూటర్ వచ్చాక ఆ ప్రశ్నను తప్పించుకోవడం కుదరలేదు.

దాన్ని ముందుగా ఎదుర్కొన్నవాళ్లలో ఒకరు జేమ్స్ హార్డీ విల్కిన్సన్. ఇంగ్లండ్‌లో టెడింగ్టన్‌లోని నేషనల్ ఫిజికల్ లేబొరేటరీలో 1946 నుంచి అలన్ ట్యూరింగ్‌తో కలిసి పనిచేశాడు. అక్కడ తయారైన పైలట్ ఏస్ యంత్రం 1950లో నడవడం మొదలుపెట్టింది. సమీకరణాల మూలాలు కనిపెట్టే ప్రోగ్రామ్‌ను పరీక్షించడానికి ఆయన ఒక సులువైన బహుపదిని ఎంచుకున్నాడు. దాని మూలాలు 1, 2, 3 అంటూ 20 వరకు వరుసగా ఉండే పూర్ణ సంఖ్యలు.

w(x) = (x − 1)(x − 2)(x − 3) … (x − 20)

ఇందులో భయపడాల్సిందేమీ కనిపించదు. మూలాలన్నీ వాస్తవ సంఖ్యలు, ఏ రెండూ ఒకటి కావు, ఒక్కో దానికీ మధ్య ఒక యూనిట్ ఎడం ఉంది. 20 కన్నా పెద్ద సంఖ్య దగ్గర మొదలుపెట్టి న్యూటన్ పద్ధతిలో దిగివస్తే సిద్ధాంతం ప్రకారం నేరుగా 20కి చేరాలి. ప్రోగ్రామ్ చేరలేదు. విల్కిన్సన్ ముందు ప్రోగ్రామ్‌లోనే తప్పుందని అనుకుని వెతికాడు. ప్రోగ్రామ్‌లో తప్పు లేదు. చాలా ఏళ్ల తర్వాత, 1984లో, ‘ద పర్ఫీడియస్ పాలినామియల్’ అనే వ్యాసంలో ఈ సంగతి రాస్తూ తన వృత్తి జీవితంలో తనను ఇంతగా కుదిపేసిన అనుభవం ఇంకొకటి లేదన్నాడు.

ఆయన చూసిందేమిటో అంకెల్లో చూద్దాం. లబ్ధాన్ని విప్పి రాస్తే ఇలా మొదలవుతుంది:

x²⁰ − 210x¹⁹ + 20615x¹⁸ − 1256850x¹⁷ + …

చివరి పదం 20 క్రమగుణితం, అంటే 2432902008176640000. ఇప్పుడు ఒక్క గుణకాన్నే ముట్టుకుందాం. x¹⁹ ముందున్న −210 లోంచి 2⁻²³ తీసేద్దాం. అది −210.0000001192 అవుతుంది. మార్పు పదో సార్థక అంకెలో వచ్చింది. మిగతా గుణకాలన్నీ యథాతథం.

కొత్త బహుపదికి 1 నుంచి 6 వరకు ఉన్న మూలాలు దాదాపు కదలవు, ఆరోది 6.00001 అవుతుంది. ఏడోది 6.99970, ఎనిమిదోది 8.00727, తొమ్మిదోది 8.91725. అక్కడి నుంచి కథ మారిపోతుంది. 20 దగ్గరున్న మూలం 20.84691కి జరుగుతుంది. 10 నుంచి 19 వరకు ఉన్న పది మూలాలు వాస్తవ రేఖ మీద అసలు కనిపించవు. అవి అయిదు సంకీర్ణ జతలుగా మారిపోతాయి: 10.095 ± 0.644i, 11.794 ± 1.652i, 13.992 ± 2.519i, 16.731 ± 2.813i, 19.502 ± 1.940i.

ఇవి యంత్రం చేసిన పొరపాట్లు కావు. కోరినన్ని అంకెలతో లెక్కించినా ఇవే వస్తాయి, ఎందుకంటే మార్చిన బహుపదికి అసలైన మూలాలు ఇవే. ఈ విషయం దగ్గర చాలామంది తడబడతారు. లెక్క చేసే పద్ధతి బాగోలేకపోవడం వేరు, అడిగిన ప్రశ్నే చిన్న మార్పుకు పెద్ద జవాబు ఇచ్చేలా ఉండటం వేరు. మొదటిదైతే మంచి పద్ధతితో సరిపోతుంది. రెండోదానికి ఆ మందు పనిచేయదు. విల్కిన్సన్ బహుపది రెండో రకం.

కారణం తెలియాలంటే w(x) గ్రాఫ్‌ను ఊహించుకోవాలి. అది 1 నుంచి 20 వరకు x-అక్షాన్ని ఇరవై సార్లు దాటుతూ పోతుంది. రెండు మూలాల మధ్య ఒక మిట్టో ఒక పల్లమో ఉంటుంది. 16కీ 17కీ మధ్య ఒక మిట్ట ఉంది. x = 16.5 దగ్గర దాని ఎత్తు సుమారు 1.92×10¹³. మనం చేసిన మార్పు ఆ గ్రాఫ్ లోంచి ప్రతి చోటా 2⁻²³·x¹⁹ ను తీసేస్తుంది. x = 16.5 దగ్గర ఆ విలువ సుమారు 1.6×10¹⁶. అంటే మిట్ట ఎత్తుకు ఎనిమిది వందల రెట్లకు పైగా కిందికి లాగింది. మిట్ట మొత్తం అక్షం కిందికి పోయింది. అక్షాన్ని అక్కడ గ్రాఫ్ ఇక దాటదు కాబట్టి 16, 17 అనే వాస్తవ మూలాలు మాయమయ్యాయి. గుణకాలన్నీ వాస్తవ సంఖ్యలు కనుక పోయిన రెండూ సంయుగ్మ జతగానే తేలాలి.

ఇప్పుడు ఎడమవైపు చూద్దాం. w(x) గ్రాఫ్ 10.5 చుట్టూ సౌష్ఠవంగా ఉంటుంది. అందుకే 4కీ 5కీ మధ్య ఉన్న మిట్ట, 16కీ 17కీ మధ్య ఉన్న మిట్ట సరిగ్గా కవలలు. x = 4.5 దగ్గర కూడా ఎత్తు అదే 1.92×10¹³. కానీ అక్కడ 2⁻²³·x¹⁹ విలువ దాదాపు మూడు లక్షలు మాత్రమే. మిట్ట ఎత్తులో ఆరు కోట్లలో ఒక వంతు కూడా లేదు. కాబట్టి 4, 5 మూలాలకు చీమ కుట్టినట్టు కూడా ఉండదు.

ఈ రెండు మిట్టల పోలికలోనే విషయమంతా ఉందని నా నమ్మకం. మూలాల అమరిక రెండు వైపులా ఒకటే. తేడా అంతా x¹⁹ ది. 4.5 నుంచి 16.5కి వెళ్లేసరికి అది అయిదు వేల కోట్ల రెట్లు పెరుగుతుంది. బహుపదికి ఉన్న సౌష్ఠవం, దాన్ని రాయడానికి మనం వాడిన x ఘాతాలకు లేదు.

దీన్నే అవకలనంతో ఇంకొంచెం కచ్చితంగా చెప్పొచ్చు. x¹⁹ గుణకం లోంచి t తీసేస్తే α అనే మూలం కదిలే వేగం మొదట్లో ఇంత:

dα/dt = α¹⁹ / w′(α)

లవంలో మూలానికి పందొమ్మిదో ఘాతం. హారంలో, గుర్తు వదిలేస్తే, ఆ మూలం నుంచి మిగతా పందొమ్మిది మూలాలకు ఉన్న దూరాల లబ్ధం. α = 1 అయితే ఇది 1/19!, లెక్కలోకే రాదు. α = 20 అయితే 20¹⁹/19!, అంటే దాదాపు 4.3 కోట్లు. కానీ అందరికన్నా దురుసైనది 20 కాదు, 16. దాని హారం 15!·4! మాత్రమే, చివర ఉన్న మూలానికి ఒక వైపే పొరుగువాళ్లు, దూరాలు పెద్దవి, లోపల ఉన్నదానికి రెండు వైపులా పొరుగువాళ్లుంటారు కాబట్టి దూరాల లబ్ధం చిన్నదవుతుంది. 16కి ఈ వేగం సుమారు 240 కోట్లు. దాన్ని 2⁻²³ తో గుణిస్తే 287 వస్తుంది. నిజంగా ఏ మూలమూ 287 యూనిట్లు జరగదు. ఇంత పెద్ద సంఖ్య వచ్చిందంటే సరళరేఖ అంచనా చాలా ముందే చెల్లకుండా పోయిందని, దారిలో ఏదో ఢీకొన్నదని అర్థం.

ఢీకొన్నది పక్క మూలాన్నే. w′ గుర్తు ఒక మూలం నుంచి తర్వాతి మూలానికి మారుతూ ఉంటుంది కనుక సరి సంఖ్యలు కుడికి, బేసి సంఖ్యలు ఎడమకు కదులుతాయి. పై జాబితాలో 7 తగ్గడం, 8 పెరగడం, 9 తగ్గడం అందుకే. 16 కుడికి, 17 ఎడమకు వచ్చి ఒక చోట కలుస్తాయి. ఆ క్షణంలో అది ద్వంద్వ మూలం, అక్కడ అవకలజం సున్నా, వేగం అనంతం. అక్కడి నుంచి రెండూ వాస్తవ రేఖను వదిలి పైకీ కిందికీ విడిపోతాయి. ద్వంద్వ మూలం ఎంత సున్నితమో చిన్న ఉదాహరణలో కనిపిస్తుంది: (x − 1)² = 0 లో కుడివైపు సున్నా బదులు 10⁻¹⁰ పెడితే మూలాలు 10⁻⁵ మేర జరుగుతాయి. పదో స్థానంలో చేసిన మార్పు అయిదో స్థానంలో తేలింది. 20కి మాత్రం కుడివైపు ఎవరూ లేరు. అందుకే అది ఒంటరిగా 20.85 దాకా జరిగి వాస్తవంగానే మిగిలింది.

ఇంతవరకు ఒక గుణకాన్ని మనమే మార్చాం. ఏదీ మార్చకపోయినా యంత్రం తన వంతుగా మారుస్తుంది. ఇప్పటి కంప్యూటర్లలో మామూలుగా వాడే డబుల్ ప్రెసిషన్ సంఖ్యకు దాదాపు పదహారు సార్థక అంకెలుంటాయి. ఈ మూడు వరుసలు ఎవరైనా నడిపి చూడొచ్చు:

```python
import numpy as np
r = np.roots(np.poly(np.arange(1.0, 21.0)))
print(np.sort(r.real))
```

చిన్న మూలాలు చక్కగా వస్తాయి. 13 నుంచి 17 మధ్యకు వచ్చేసరికి రెండో దశాంశ స్థానంలోనే తేడా కనిపిస్తుంది. పదహారు అంకెలతో మొదలుపెట్టి రెండు మూడు మిగిలాయన్నమాట.

ఆ పోయిన అంకెలు ఎక్కడ పోయాయో లెక్క కట్టొచ్చు. x = 16 దగ్గర w విలువను విప్పిన రూపం నుంచి కడితే, గుర్తులు వదిలేసి కూడిన పదాల మొత్తం 17·18·…·36 అవుతుంది, అంటే దాదాపు 1.8×10²⁸. ఇన్ని ధన, రుణ పదాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుని చివరికి సున్నా రావాలి. ధాన్యం లారీని కాటా మీద రెండు సార్లు తూచి, ఆ తేడాతో ఒక్క గింజ బరువు చెప్పమన్నట్టుంది ఈ పని. పదహారు అంకెల యంత్రంలో 1.8×10²⁸ కి పట్టే రౌండింగ్ దోషమే 2×10¹² దాకా ఉంటుంది. పక్కనున్న మిట్ట ఎత్తు 1.92×10¹³. మిట్టలో పదో వంతు ఉన్న దోషంతో అక్షాన్ని ఎక్కడ దాటిందో చెప్పాలి.

దీని వల్ల ఇంకో మోసం కూడా జరుగుతుంది. వచ్చిన మూలాన్ని తిరిగి బహుపదిలో ప్రతిక్షేపించి విలువ సున్నాకు దగ్గరగా ఉందో లేదో చూడటం మనకు చిన్నప్పటి నుంచి అలవాటైన సరిచూపు. ఇక్కడ అది దేన్నీ తేల్చదు. అసలైన 16ను ప్రతిక్షేపించినా, 16.05ను ప్రతిక్షేపించినా వచ్చేవి సున్నాకు ఎంతో దూరంగా ఉన్న భారీ సంఖ్యలే. రెండింటిలో ఏది మూలమో ఆ అంకెలు చూసి చెప్పలేం. విల్కిన్సన్ ఇక్కడే ప్రశ్నను తిప్పి వేశాడు: వచ్చిన జవాబు అసలు జవాబుకు ఎంత దగ్గరగా ఉందని కాక, ఏ పొరుగు బహుపదికి ఇది కచ్చితమైన జవాబు అవుతుందని అడగడం. np.roots ఇచ్చినవి గుణకాలు పదహారో అంకె దగ్గర తేడా ఉన్న ఒక బహుపదికి దాదాపు కచ్చితమైన మూలాలు. ఆ లెక్కన అది తన పని బాగానే చేసింది. ఈ వెనుకచూపు విశ్లేషణను ఆయన 1963 నాటి రౌండింగ్ దోషాల పుస్తకంలో విస్తరించి రాశాడు. 1970లో ట్యూరింగ్ అవార్డు అందుకున్నప్పుడు చెప్పుకున్న కృషిలో ఇది ముఖ్యమైనది.

ఇక తప్పు ఎవరిది? ఎక్కువ మంది పెద్ద పరిమాణానిది అంటారు. అది సరికాదు. x²⁰ − 1 = 0 కూడా ఇరవయ్యో పరిమాణమే. దాని మూలాలు యూనిట్ వృత్తం మీద సమాన దూరాల్లో ఉంటాయి. అక్కడ |α| = 1 కనుక లవం 1, హారం 20; గుణకంలో మార్పు ఇరవయ్యో వంతుకు తగ్గి మూలంలో కనిపిస్తుంది. ఇంతకన్నా నిబ్బరమైన బహుపది దొరకదు. మూలాలు దగ్గర దగ్గరగా ఉండటం వల్ల అనే జవాబు కూడా పూర్తిగా నిలవదు. విల్కిన్సనే ఇంకో ఉదాహరణ చూపించాడు: మూలాలు 1/2, 1/4, 1/8 అంటూ సగం సగం అయ్యేలా ఇరవై తీసుకుంటే, సున్నా దగ్గర అవి ఒకదాని మీద ఒకటి పడ్డట్టుంటాయి. అయినా గుణకాల్ని వాటి వాటి నిష్పత్తిలో కొంచెం మారిస్తే మూలాలూ అదే రకంగా కొంచెమే మారతాయి. సున్నా నుంచి కొలిస్తే ప్రతి మూలమూ పక్కదానికి రెట్టింపు దూరంలో ఉండటమే అక్కడ రక్ష. 16, 17 ల మధ్య ఒక యూనిట్ ఎడం ఉన్నా సున్నా నుంచి చూస్తే అది ఆరు శాతమే.

అంటే సున్నా ఎక్కడ పెట్టామన్నదే ప్రశ్న. కాబట్టి దాన్ని కదిపి చూద్దాం. సౌష్ఠవ కేంద్రం 10.5 దగ్గర ఉంది; y = x − 10.5 అనుకుంటే మూలాలు ±0.5, ±1.5, … ±9.5 అవుతాయి. బహుపది అదే, గ్రాఫ్ అదే, మూలాల మధ్య ఎడం అదే. ఇప్పుడు రెండు రూపాలకూ కండిషన్ నంబర్ కట్టి పోల్చాలి. గుణకాలన్నింటిలో సాపేక్ష దోషం ఒక వంతు ఉంటే మూలంలో సాపేక్ష దోషం గరిష్ఠంగా ఎన్ని వంతులో చెప్పే సంఖ్య అది. x రూపంలో 14 అనే మూలానికి ఇది

(15·16·…·34) / (14·13!·6!)

అంటే సుమారు 5.4×10¹³. y రూపంలో ఒక్కో మూలానికీ (r² + s²)/|r² − s²| అనే నిష్పత్తుల్ని గుణించుకుంటూ పోవాలి. r ఆ మూలం, s అనేది మిగతా తొమ్మిది ధన మూలాల్లో ఒక్కొక్కటి. అన్నింటికన్నా పెద్దది r = 7.5 దగ్గర వస్తుంది: సుమారు 3,700.

యాభై నాలుగు లక్షల కోట్లకూ నాలుగు వేల లోపుకూ ఉన్న తేడా కేవలం సున్నాను జరపడంతో వచ్చింది. విల్కిన్సన్ చేసిన మార్పును సాపేక్షంగా చూస్తే అది 5.7×10⁻¹⁰. y రూపంలో ఒక గుణకాన్ని కాదు, అన్ని గుణకాల్నీ అంత నిష్పత్తిలో కదిపినా ఏ మూలమూ 0.00002 కన్నా ఎక్కువ జరగదు. డబుల్ ప్రెసిషన్‌లో అయితే పన్నెండు అంకెలు చేతిలో ఉంటాయి.

కానీ ఇందులో ఒక షరతుంది, దాన్ని మరిచిపోయి చేతులు కాల్చుకోవడం తేలిక. సున్నాను జరపడం గుణకాల్ని కత్తిరించక ముందే జరగాలి. x రూపంలో గుణకాల్ని ఒకసారి పదహారు అంకెలకు కుదించాక, వాటి నుంచి y రూపం ఎంత జాగ్రత్తగా కట్టినా పోయిన సమాచారం తిరిగి రాదు. మూలాలు ఎక్కడెక్కడ ఉంటాయో ముందే కొంత తెలిస్తేనే ఈ మార్గం. మూలాలన్నీ ఒక అంతరంలో ఉన్నాయని తెలిస్తే, ఘాతాల బదులు ఆ అంతరానికి తగ్గ చెబిషెవ్ బహుపదుల్లో రాసుకోవడం ఇదే ఆలోచనకు కొనసాగింపు. కొన్ని బిందువుల దగ్గర విలువల రూపంలో, అంటే లగ్రాంజ్ రూపంలో, బహుపదిని దాచుకోవడం ఇంకొకటి.

ఆచరణలో దీని దెబ్బ అన్నింటికన్నా గట్టిగా తగిలింది మాత్రికల లెక్కలకు. ఐగెన్ విలువలు కావాలంటే ముందు లాక్షణిక బహుపదిని రాసి, తర్వాత దాని మూలాలు కట్టాలని పాఠ్యపుస్తకం నేర్పుతుంది. 3×3 మాత్రికకు అది మంచిదే. కర్ణం మీద 1 నుంచి 20 వరకు, మిగతా చోట్ల సున్నాలు ఉన్న సౌష్ఠవ మాత్రికను తీసుకోండి. దాన్ని 2⁻²³ పరిమాణంలో సౌష్ఠవంగానే కదిపితే ఏ ఐగెన్ విలువా 2⁻²³ కన్నా ఎక్కువ కదలదు. ఇది వైల్ నిరూపించిన అసమానత చెప్పే మాట. ప్రశ్న ఇంత నిలకడగా ఉంది. దాన్ని బహుపదిగా మార్చి గుణకాల్ని కుదించిన మరుక్షణం అది విల్కిన్సన్ బహుపదే అయి కూర్చుంటుంది. గట్టి ప్రశ్నను చేతులారా పెళుసు ప్రశ్నగా మార్చుకున్నట్టు. 1961 ప్రాంతంలో జాన్ ఫ్రాన్సిస్, వెరా కుబ్లనోవ్‌స్కయా విడివిడిగా తెచ్చిన క్యూఆర్ పద్ధతి బహుపది జోలికి పోకుండా మాత్రిక మీదే పనిచేస్తుంది. ఇప్పుడు దారి తిరగబడింది: np.roots బహుపది మూలాలు కట్టడానికి ముందు ఒక సహచర మాత్రికను తయారుచేసి దాని ఐగెన్ విలువలు వెతుకుతుంది.

డిజిటల్ ఫిల్టర్లు తయారుచేసేవాళ్లూ ఇదే పాఠం నేర్చుకున్నారు. చాలా సన్నని పౌనఃపున్య పట్టీని మాత్రమే వదిలే ఫిల్టర్‌లో హారంలోని బహుపది మూలాలన్నీ ఒకే చోట గుమిగూడతాయి. ఎనిమిదో, పదో పరిమాణపు బహుపదిని అలాగే గుణకాలుగా చిప్‌లోకి ఎక్కిస్తే, తక్కువ బిట్లకు కుదించినప్పుడు ఏదో ఒక మూలం యూనిట్ వృత్తం దాటి బయటపడొచ్చు, అప్పుడు ఫిల్టర్ స్థిరత్వమే పోతుంది. బెల్ ల్యాబ్స్‌కు చెందిన జేమ్స్ కైజర్ 1965లోనే ఈ ప్రమాదాన్ని లెక్కలతో చూపించాడు. అందుకే బహుపదిని రెండో పరిమాణపు ముక్కలుగా విడగొట్టి, ఒక్కో ముక్క గుణకాల్ని విడిగా దాచి, వాటిని వరుసగా కలుపుతారు. ముక్కలో రెండే మూలాలుంటాయి, మిగతా వాటి దూరాల లబ్ధం హారంలోకి రాదు.

చేతిలో ఉన్న బహుపది ఏ రకమో తెలుసుకోవడానికి నేను నమ్మే పరీక్ష ఒకటుంది. గుణకాల్ని మనకు నిజంగా తెలిసిన ఆఖరి అంకె దగ్గర యాదృచ్ఛికంగా అటూ ఇటూ కదిపి, ఒక ఇరవై ముప్పై సార్లు మూలాలు కట్టి, అన్నింటినీ ఒకే సంకీర్ణ తలం మీద చుక్కలుగా పెట్టాలి. నిలకడైన మూలం చుట్టూ చుక్కలు ఒకే చోట పడతాయి. పెళుసైన మూలం చుట్టూ మేఘంలా పరుచుకుంటాయి. ఎక్కువ అంకెలతో లెక్కించడం కన్నా ఇది ముందు చేయాల్సిన పని. యాభై అంకెల లెక్క యంత్రం చేసే కుదింపును మాత్రమే పోగొడుతుంది. గుణకంలోనే ఉన్న సందేహాన్ని అది తాకలేదు.

ఆ తేడా ఎక్కువగా బయటపడేది గుణకాలు కొలతల నుంచి వచ్చినప్పుడు. విల్కిన్సన్ బహుపది గుణకాలు పూర్ణ సంఖ్యలు, వాటిని అంకె పోకుండా రాసుకోవచ్చు, కాబట్టి అక్కడ ఎక్కువ అంకెల లెక్క పనికొస్తుంది. ప్రయోగశాలలో కొలిచి నాలుగు అంకెల వరకు తెలిసిన గుణకాలతో ఇలాంటి బహుపదిని కడితే సంగతి వేరు. కండిషన్ నంబర్ 5.4×10¹³ అయినప్పుడు, 14 అనే మూలాన్ని మూడు అంకెల దాకా నమ్మాలంటే గుణకాలు దాదాపు పదిహేడు అంకెల వరకు సరిగ్గా తెలిసి ఉండాలి. అంత కచ్చితంగా కొలవడం ఏ ప్రయోగశాలకూ సాధ్యం కాదు, కాబట్టి ఆ మూలం విలువను ఆ గుణకాల నుంచి రాబట్టే ప్రయత్నం మానుకుని, మొదటి కొలతల దగ్గరికే వెళ్లి వేరే రూపంలో ప్రశ్న కట్టుకోవాలి.